బర్గర్‌లోని సాస్‌లకు లెక్క కట్టడం ఎలా?

బర్గర్, ఫ్రెంచ్ ఫ్రైస్ తిన్న రోజున ఎన్ని కేలరీలు తిన్నారో రాసుకునేవాళ్లలో చాలామంది రొట్టెను, మధ్యలోని మాంసపు ముక్కనో ఆలుగడ్డ టిక్కీనో, చీజ్‌ను, ఫ్రైస్‌ను రాసుకుంటారు. వాటి మధ్య పూసిన తెల్లటి పూతను, పక్కన చిన్న కప్పులో ఇచ్చిన డిప్‌ను, చింపి పిండుకున్న కెచప్ ప్యాకెట్లను మాత్రం రాసుకోరు. అవి తిండిగా కాక రుచి కోసం తగిలించుకునే వస్తువులుగానే మన మనసులో ఉంటాయి. కానీ కొన్ని భోజనాల్లో ఆ పూత కేలరీలు ఫ్రైస్ కేలరీలను మించిపోతాయి. వాటిని ఎలా గుర్తించాలో, ఎలా తూచాలో, రుచి చెడకుండా ఎక్కడ తగ్గించుకోవాలో కింద వరుసగా వివరిస్తున్నాను. మీకు కావలసిన సామగ్రి ఒక్కటే: ఒక గ్రాము తేడాను కూడా చూపించగల వంటింటి డిజిటల్ తూకం.

మొదటి పని: సాస్‌లను నూనెవి, నూనె లేనివి అని విడదీయండి

సాస్‌లన్నీ ఒకే కోవకు చెందినవి కావు. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది, చక్కెర గ్రాముకు 4 ఇస్తుంది, నీరు ఏమీ ఇవ్వదు. కాబట్టి ఒక సాస్‌లో నూనె ఎంత, చక్కెర ఎంత, నీరు ఎంత అన్నదాన్ని బట్టే దాని లెక్క తేలుతుంది.

మయోనైజ్ అంటే ప్రధానంగా నూనె. గుడ్డు పచ్చసొనలో ఉండే లెసిథిన్ వంటి పదార్థాల సాయంతో నూనెను కంటికి కనిపించనంత సన్నని బిందువులుగా చేసి, కొద్దిపాటి నీటిలో, వెనిగర్‌లో నిలిపి ఉంచితే అది మయోనైజ్ అవుతుంది. అమెరికా ఆహార నియమాల ప్రకారం ఆ పేరుతో అమ్మే పదార్థంలో బరువులో కనీసం 65 శాతం వంటనూనె ఉండాలి. మామూలుగా అమ్మే సీసాల్లో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అందువల్ల 100 గ్రాముల మయోనైజ్‌లో సుమారు 700 కేలరీలు ఉంటాయి, అంటే గ్రాముకు 7. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు, మిగతా లెక్కలో సగం మీ చేతిలో ఉన్నట్టే.

ఇంత నూనె ఉన్నా అది నూనెలా అనిపించకపోవడానికి కారణం ఆ నిర్మాణమే. నూనె బిందువులు విడివిడిగా ఉండి, చుట్టూ పుల్లటి నీరు ఉండటం వల్ల నాలుకకు ముందుగా తగిలేది పులుపు, ఆ తర్వాత మెత్తదనం. రెండు చెంచాల వంటనూనెను రొట్టె మీద పోసి ఇస్తే మనం ముట్టుకోము. అదే నూనె వెన్నలా తెల్లగా, గట్టిగా మారి వస్తే ఇంకొంచెం వేయమని మనమే అడుగుతాము.

కెచప్ సంగతి వేరు. అందులో దాదాపుగా కొవ్వు ఉండదు. టమాటా గుజ్జు, నీరు, చక్కెర, వెనిగర్, ఉప్పు కలిసి 100 గ్రాములకు సుమారు 105 కేలరీలు ఇస్తాయి. గ్రాముకు 1 అని పెట్టుకుంటే పెద్దగా తేడా రాదు. అంటే ఒక గ్రాము మయోనైజ్ ఏడు గ్రాముల కెచప్‌తో సమానం. కెచప్‌ను పూర్తిగా మానేసి, మయోనైజ్‌ను యథాప్రకారం తినేవాళ్లను నేను చాలాసార్లు చూశాను. ఎర్రగా, తియ్యగా ఉన్నదే చెడ్డదనీ, తెల్లగా ఉన్నది పాలతో చేసిన తేలికైన పదార్థమనీ వాళ్లు అనుకుంటారు. కేలరీల విషయంలో నిజం దానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

ఈ రెండింటి మధ్యలో మరికొన్ని ఉన్నాయి. బార్బెక్యూ సాస్, తియ్యటి చిల్లీ సాస్ చక్కెర వల్ల 100 గ్రాములకు సుమారు 170 నుంచి 230 వరకూ వెళ్తాయి. మామూలు ఆవాల సాస్ 60 దగ్గర ఉంటుంది. మిరపకాయలూ వెనిగర్‌తో చేసిన పలుచటి కారం సాస్ లెక్కలోకి తీసుకోదగ్గది కాదు. ర్యాంచ్ వంటి చిక్కటి డ్రెస్సింగులు 400 దాటుతాయి.

చిక్కు వచ్చేది పేరును బట్టి పోల్చుకోలేని సాస్‌లతో. గులాబీ రంగులో ఉండే బర్గర్ సాస్ సాధారణంగా మయోనైజ్‌లో కెచప్ కలిపి చేసినదే. చెరి సగం కలిపారనుకుంటే 100 గ్రాములకు 400 కేలరీలు వస్తాయి. హనీ మస్టర్డ్ పేరులో తేనె, ఆవాలు మాత్రమే వినిపించినా చాలా చోట్ల దానికి అడుగున ఉండేది మయోనైజే. వెల్లుల్లి డిప్, నారింజ రంగులో ఉండే కారపు మయోనైజ్, చేపతో ఇచ్చే టార్టార్ సాస్ అన్నీ ఆ కుటుంబంలోవే. వెలుతురు దాటనివ్వకుండా పాలిపోయినట్టు ఉండి, చెంచా మీద నిలిచి, మెత్తగా జారేది ఏదైనా సరే, లేబుల్ చూసి కాదని తేలేవరకూ దాన్ని నూనె సాస్‌గానే లెక్కపెట్టండి.

లేబుల్ లేకపోతే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. చిటికెడు సాస్‌ను పలుచటి కాగితం మీద పూసి, పైన మిగిలినదాన్ని తుడిచేసి, ఒక గంట ఆరనివ్వండి. తర్వాత ఆ కాగితాన్ని దీపం ముందు ఎత్తి పట్టుకోండి. నీటి తడి ఆరిపోతుంది కానీ నూనె ఆరదు. మయోనైజ్ పూసిన చోట కాగితం అద్దంలా వెలుతురును దాటనిస్తుంది, కెచప్ పూసిన చోట ఎర్రటి మరక మాత్రమే మిగులుతుంది. ఎంత నూనె ఉందో ఈ పరీక్ష చెప్పదు, ఉందో లేదో మాత్రం చెబుతుంది.

రెండో పని: మీ చేతి కొలతను ఒకసారి తూచి చూసుకోండి

పుస్తకాల్లో, యాప్‌లలో కనిపించే ఒక టేబుల్ స్పూన్ మయోనైజ్ అంటే అంచుకు సమానంగా గీసిన చెంచా. దాని బరువు సుమారు 14 గ్రాములు, కేలరీలు దగ్గర దగ్గర 100. మనం వేసుకునే చెంచా అలా ఉండదు. నేను మొదటిసారి తూచినప్పుడు, ఒక్క చెంచానే వేసుకున్నానని నమ్మకంగా చెప్పగలిగిన మయోనైజ్ 29 గ్రాములు తూగింది. సీసాలోంచి చెంచా పైకి తీసేటప్పుడు పైన గోపురంలా నిలిచేదీ, కింద వెనకవైపు అంటుకునేదీ కలిపితే మొదటి చెంచాకు ఇంకో చెంచా తోడవుతుంది. అక్కడ 100 అని రాసుకున్నది నిజానికి 200.

తూచేటప్పుడు రొట్టెను తూకం మీద పెట్టి దాని మీద సాస్ వేయడం కంటే సీసానే తూకం మీద పెట్టడం మంచిది. సీసాను తూకం మీద ఉంచి, సున్నా చేసే మీట నొక్కండి. సీసాను తీసి, మీకు అలవాటైనట్టుగానే బర్గర్‌లోనో ఫ్రైస్ పక్కనో సాస్ పిండుకోండి, తగ్గించే ప్రయత్నం ఇప్పుడు చేయవద్దు. సీసాను మళ్లీ తూకం మీద పెట్టగానే మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది. అది 24 అయితే మీరు వాడినది 24 గ్రాములు. ఈ పద్ధతిలో చెంచాకు అంటుకున్నది, పళ్లెం బరువు అనే గొడవలు ఉండవు. పైగా కొన్ని తూకాలు చుక్కచుక్కగా పడే బరువును పట్టుకోవు. నెమ్మదిగా పిండుతూ ఉంటే తెర మీద అంకె కదలక, వేసినదానికంటే తక్కువ చూపిస్తుంది. సీసాను ఎత్తి మళ్లీ పెట్టడం వల్ల ఆ పొరపాటు రాదు.

బయటనుంచి తెచ్చుకున్న బర్గర్‌కు ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే సాస్ అప్పటికే లోపల ఉంటుంది. అప్పుడు ఒక చిన్న పళ్లేన్ని తూకం మీద పెట్టి సున్నా చేసి, బర్గర్ విప్పి, మొద్దు అంచు చాకుతో రొట్టె రెండు ముక్కల మీద ఉన్న పూతను పళ్లెంలోకి గీకండి. వేడి రొట్టె కొంత పీల్చుకుంటుంది, ఆకుకూరకు కొంత అంటుకుని ఉంటుంది, కాబట్టి మీకు వచ్చే బరువు అసలు దానికంటే తక్కువే ఉంటుంది. ఈ పని ప్రతిసారీ చేయవలసిన అవసరం లేదు. మీరు తరచూ తినే ఒకటి రెండు రకాలకు ఒక్కొక్కసారి చేస్తే చాలు. ఆ తర్వాత ఆ పూత ఎంత మందాన ఉంటే ఎన్ని గ్రాములో మీ కన్నే చెబుతుంది.

డిప్ కప్పుల విషయంలో ఇంకా సులువు. తినకముందు కప్పును మూతతో సహా తూచండి, తిన్నాక మళ్లీ అలాగే తూచండి, తేడాయే మీరు తిన్నది. కప్పు మీద 30 గ్రాములని రాసి ఉన్నా, అడుగున వదిలేసినది 5 గ్రాములుంటే ఆ 5 మీ లెక్కలోది కాదు.

ఒకసారి ఫ్రైస్‌తో ఈ ప్రయోగం చేసి చూడండి, ఇంతకంటే కళ్లు తెరిపించేది నాకు తెలియదు. మయోనైజ్ కప్పును తూచి, మామూలుగా తినే పద్ధతిలో పది ఫ్రైస్ ముంచుకుని తిని, మళ్లీ తూచండి. నేను చేసినప్పుడు 21 గ్రాములు తగ్గింది, అంటే ముక్కకు సుమారు 2 గ్రాములు, 14 కేలరీలు. నాలుగైదు గ్రాముల బరువుండే ఒక్క ఫ్రైలో ఉండేవి కూడా 12 నుంచి 15 కేలరీలే. నూనెలో వేయించిన ముక్కకు ఎంత లెక్క ఉందో, దాని కొనకు అంటుకున్న తెల్లటి పూతకూ దాదాపు అంతే లెక్క ఉంది. ఆ పది ముక్కలను రాసుకునేటప్పుడు ఇరవై ముక్కలుగా రాసుకోవలసి ఉంటుందన్న మాట.

మూడో పని: లేబుల్‌ను 100 గ్రాముల వరుసలో చదవండి

సీసా మీద, ప్యాకెట్ మీద పోషక విలువల పట్టిక ఉంటే అందులో ఒక్కో వడ్డనకు అని రాసిన వరుసను పక్కన పెట్టి, 100 గ్రాములకు అన్న వరుసను చూడండి. వడ్డన పరిమాణాన్ని ఒకరు 10 గ్రాములని, మరొకరు 15 గ్రాములని వేస్తారు; ఆ వరుసను బట్టి రెండు సాస్‌లను పోల్చితే చిన్న వడ్డన రాసినవాళ్లది తేలికగా కనిపిస్తుంది. అమెరికాలోనైతే ఒక వడ్డనలో 5 కేలరీల కంటే తక్కువ ఉంటే లేబుల్ మీద సున్నా అని వేయవచ్చు. చాలా చిన్న వడ్డన రాసిన సీసా మీద సున్నా కనిపించినంత మాత్రాన ఎంత వాడినా సున్నాయే అనుకోకూడదు. 100 గ్రాముల వరుసలోని అంకెను 100తో భాగిస్తే గ్రాముకు ఎంతో వస్తుంది, దాన్ని మీరు తూచిన గ్రాములతో గుణించండి. కొన్ని దేశాల లేబుళ్ల మీద ముందుగా కిలోజౌల్స్ వేస్తారు; ఆ అంకెను 4.2తో భాగిస్తే కేలరీలు వస్తాయి.

లైట్ అని రాసిన మయోనైజ్‌లో నూనె తగ్గించి, నీరూ పిండి పదార్థమూ పెంచుతారు. సాధారణంగా 100 గ్రాములకు 250 నుంచి 350 వరకూ ఉంటుంది, అంటే మామూలు దానిలో సగం లేదా అంతకంటే కొంచెం తక్కువ. ఇది నిజంగా పనికొచ్చే తగ్గింపే, కానీ లైట్ కదా అని రెట్టింపు వేసుకుంటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. గుడ్డు లేని మయోనైజ్ విషయంలో మాత్రం పేరును బట్టి ఏమీ చెప్పలేము. గుడ్డు తీసేసినా నూనె తీసేసినట్టు కాదు. కొన్నింటిలో నూనె అంతే ఉంటుంది, కొన్నింటిలో పిండితో చిక్కబరచడం వల్ల బాగా తక్కువ ఉంటుంది. ఆలివ్ నూనెతో చేసినదైనా గ్రాము నూనెకు 9 కేలరీలే.

కెచప్ లేబుల్‌లో మీరు చూడవలసింది కేలరీలను కాదు, చక్కెరను, సోడియంను. 100 గ్రాముల కెచప్‌లో సుమారు 22 నుంచి 25 గ్రాముల చక్కెర, 2 గ్రాములకు పైగా ఉప్పు ఉండటం మామూలు. నాలుగు చిన్న ప్యాకెట్లు కలిపి 36 గ్రాములనుకుంటే అందులో రెండు టీ స్పూన్ల చక్కెర, ముప్పావు గ్రాముకు పైగా ఉప్పు ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పునే సూచిస్తోంది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి విడిగా చేర్చిన చక్కెర 50 గ్రాములు దాటకూడదనీ, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదనీ చెబుతోంది. కాబట్టి మధుమేహం, రక్తపోటు ఉన్నవాళ్లు కెచప్‌ను కేలరీలు తక్కువ కదా అని వదిలేయకూడదు.

ఒక భోజనాన్ని పూర్తిగా లెక్కవేసి చూద్దాం

బరువు తగ్గాలని ఆరు వారాలుగా ప్రతి ముద్దా రాసుకుంటున్న ఒక మిత్రుడు, లెక్క ప్రకారం తగ్గవలసినంత తగ్గడం లేదని చెప్పినప్పుడు, ఆయన తరచూ తెప్పించుకునే భోజనాన్ని నా వంటింట్లో విప్పి తూచాము. ఒక చికెన్ బర్గర్, ఒక పొట్లం ఫ్రైస్, ఒక వెల్లుల్లి డిప్ కప్పు, నాలుగు కెచప్ ప్యాకెట్లు. ఆ దుకాణం కేలరీలు ప్రకటించేది కాదు, అందువల్ల ఆయన రొట్టె, చికెన్ ముక్క, చీజ్ విడివిడిగా లెక్కగట్టి బర్గర్‌కు ఒక అంకె, ఫ్రైస్‌కు ఒక అంకె రాసుకునేవారు. ఆ రెండు అంకెలూ తప్పు కావు.

ముందుగా బర్గర్ విప్పాము. పై రొట్టె మీదా కింది రొట్టె మీదా మయోనైజ్ ఉంది. గీకి తూస్తే 26 గ్రాములు వచ్చింది. గ్రాముకు 7 చొప్పున 182 కేలరీలు. వెల్లుల్లి డిప్ కప్పు మీద 30 గ్రాములనీ, 100 గ్రాములకు 600 కేలరీలనీ రాసి ఉంది. ఆయన తినే పద్ధతిలోనే ఫ్రైస్‌తో తినమని చెప్పి, చివరికి తూస్తే కప్పులో 4 గ్రాములు మిగిలింది. తిన్న 26 గ్రాములకు 156 కేలరీలు. కెచప్ ప్యాకెట్ ఒక్కొక్కటి 9 గ్రాములు, నాలుగూ కలిపి 36 గ్రాములు, 38 కేలరీలు. మొత్తం 376.

ఫ్రైస్ 110 గ్రాములున్నాయి. 100 గ్రాములకు సుమారు 310 చొప్పున అవి 340 కేలరీలు. అంటే ఆయన పుస్తకంలో చోటు దక్కని సాస్‌లు, చోటు దక్కిన ఫ్రైస్‌ను దాటిపోయాయి. ఆయన ఆ అంకెను చూసి కాసేపు మాట్లాడలేదు, తర్వాత, “మరి నేను మానేసింది కెచప్‌నా?” అని అడిగారు. నిజమే, అంతకు ముందు నెలలో ఆరు ప్యాకెట్లనుంచి నాలుగుకు తగ్గించుకున్నారు. దానివల్ల మిగిలింది 20 కేలరీలు కూడా లేదు.

తర్వాతి సారి అదే భోజనాన్ని మార్చి తెప్పించాము. బర్గర్‌లో మయోనైజ్ వేయవద్దని, పక్కన విడిగా ఇవ్వమని అడిగాము. ఇంట్లో ఒక్క పై రొట్టెకు మాత్రమే పలుచగా రాస్తే 8 గ్రాములు పట్టింది, 56 కేలరీలు. వెల్లుల్లి డిప్‌లో 12 గ్రాములు ఒక చిన్న గిన్నెలోకి తీసి మిగతాది మూత పెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేశాము, 72 కేలరీలు. కెచప్ రెండు ప్యాకెట్లు, 19 కేలరీలు. మొత్తం 147. బర్గర్, ఫ్రైస్ ఒక్క గ్రాము కూడా తగ్గకుండానే 229 కేలరీలు తగ్గాయి. కింది రొట్టె మీద పూత లేకపోవడం తనకు తెలియనే లేదని ఆయన అన్నారు, కానీ డిప్ తగ్గినట్టు మాత్రం తెలిసిందట. అందుకే ఎక్కడ తగ్గించాలన్నది ఎవరికి వారు చూసుకోవలసిన విషయం.

నాలుగో పని: ఆర్డర్ ఇచ్చేటప్పుడే నిర్ణయించుకోండి

తినే సమయానికి ఎదురుగా ఉన్నదాన్ని వదిలేయడం కష్టం, రాకుండా చూసుకోవడం తేలిక. సాస్ తక్కువ వేయండి అని చెప్పడం కంటే వేయకండి, పక్కన ఇవ్వండి అని చెప్పడం మేలు. తక్కువ అన్న మాటకు వంటగదిలో ఉన్న ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. అంతేకాక కొన్ని చోట్ల ఒక్కసారి నొక్కితే నిర్ణీత పరిమాణం పడే సాధనం వాడతారు, అందులో సగం నొక్కడం ఉండదు. చేత్తో సీసా పిండే చోట్ల రద్దీ వేళ ఒక లెక్క, తీరిక వేళ ఒక లెక్క.

ఒకే భోజనంలో నూనె సాస్ ఒక్కటే ఉండేలా చూసుకోండి. బర్గర్‌లో మయోనైజ్ కావాలనుకుంటే ఫ్రైస్‌కు కెచప్, ఆవాల సాస్ లేదా కారం సాస్ తీసుకోండి. ఫ్రైస్‌తో వెల్లుల్లి డిప్ లేనిదే తినలేమనుకుంటే బర్గర్‌లో వద్దని చెప్పండి. నా ఉద్దేశంలో అన్నింటికంటే ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే, ఎందుకంటే ఇందులో మీకు ఇష్టమైనది పోదు, దాని మీద పేరుకున్న రెండోది పోతుంది. ఉచితంగా ఇచ్చే అదనపు డిప్‌కూ, మీరు డబ్బిచ్చి కొన్న డిప్‌కూ కేలరీలు ఒకటే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దుకాణం కేలరీలు ప్రకటించేదైతే ఒక జాగ్రత్త అవసరం. బర్గర్‌కు వేసిన అంకెలో మామూలుగా వేసే సాస్ చాలావరకు కలిసే ఉంటుంది, కాబట్టి దాన్ని మళ్లీ విడిగా కలిపితే రెండుసార్లు లెక్కించినట్టు అవుతుంది. విడిగా ఇచ్చే డిప్ కప్పులు, ప్యాకెట్లు, మీరు ఎక్కువగా వేయించుకున్న సాస్ మాత్రం ఆ అంకెలో ఉండవు, వాటినే కలపాలి.

ఐదో పని: పళ్లెంలో పోయకండి, అంచుతో అద్దుకోండి

ఫ్రైస్ మీద సాస్ పోసుకుంటే ఎంత పోశారో తెలియదు, పోసినదంతా తినవలసిందే. చిన్న గిన్నెలో రెండు టీ స్పూన్ల కొలత తీసుకుని, ముక్క కొసను మాత్రమే అద్దుకుంటే ముక్కకు ఒక గ్రాము పడుతుంది. కొసకు ఉన్నది ముందుగా నాలుకకు తగులుతుంది కాబట్టి రుచిలో తేడా చాలా తక్కువ. ఇందులోనూ తూకం పెట్టి చూస్తేనే నమ్మకం కలుగుతుంది.

ఇంటికి తెప్పించుకున్నప్పుడు ఇంకో మార్గం ఉంది. 10 గ్రాముల మయోనైజ్‌లో 20 గ్రాముల గట్టి పెరుగు కలిపి, చిటికెడు ఉప్పు, నలిపిన వెల్లుల్లి, కొన్ని చుక్కల నిమ్మరసం చేర్చండి. మయోనైజ్‌కు 70, పెరుగుకు సుమారు 15, మొత్తం 85 కేలరీలకు 30 గ్రాముల డిప్ తయారవుతుంది. అదే 30 గ్రాముల మయోనైజ్ 210. పెరుగులోని నీరు వంపేయకపోతే డిప్ పలుచబడి ముక్కకు నిలవదు, అప్పుడు దాని బదులు సీసా దగ్గరికే వెళ్తారు. అందుకని పెరుగును పలుచటి గుడ్డలో వేసి ఒక అరగంట వేలాడదీయండి. వేడి బర్గర్‌లో ఇది కొంచెం నీరు కారుతుంది, ఫ్రైస్‌కు మాత్రం బాగా సరిపోతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

పది గ్రాముల లోపు బరువుల్లో వంటింటి తూకం ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ చూపవచ్చు. కెచప్‌లో అది పట్టించుకోవలసిన తేడా కాదు, మయోనైజ్‌లో 7 నుంచి 14 కేలరీలవుతుంది. అంతకంటే పెద్ద తప్పు దుకాణంలో కలిపిన సాస్‌ల వల్ల వస్తుంది. వాళ్లు అందులో ఏమేమి కలిపారో మీకు తెలియదు. కాగితం మీద నూనె మరక పడినదానికి గ్రాముకు 5 అని, పడనిదానికి గ్రాముకు 2 అని వేసుకుంటే మీ అంచనా అసలు అంకెకు దరిదాపుల్లో ఉంటుంది.

ఈ తూకాలు అందరికీ తగినవి కావు. ఎదిగే పిల్లల ముందు వాళ్ల పళ్లెంలోని డిప్‌ను తూచవద్దు, వాళ్లకు చిన్న గిన్నెలో పెట్టి ఇస్తే సరిపోతుంది. అంకెలు చూడగానే తిండి అంటేనే భయం పట్టుకునేవాళ్లు, అలాంటి ఇబ్బంది గతంలో ఎదుర్కొన్నవాళ్లు ఈ పని మొదలుపెట్టకుండా వైద్యులతో మాట్లాడాలి. బరువు తక్కువగా ఉండి పెరగవలసినవాళ్లకు మయోనైజ్ తగ్గించవలసిన కారణమే లేదు.

మిగతావాళ్లకు రెండు వారాల తూకం చాలు, ఆ తర్వాత కంటి అంచనా పనిచేస్తుంది. అయితే ఆ అంచనా నిలకడగా ఉండదు. చెంచా మీద గోపురం నెమ్మదిగా మళ్లీ పెరుగుతుంది. నెలకు ఒకసారి మొదట ఎన్ని గ్రాములో ఊహించి కాగితం మీద రాసి, ఆ తర్వాత సీసాను తూకం మీద పెట్టి చూడండి. ఊహకూ తూకానికీ మధ్య తేడా 5 గ్రాములు దాటితే మరో వారం పాటు తూచండి.